మిగిలిన అన్నంతోని ఫ్రైడ్ రైస్ – అల్లుడికి మామ చెప్పేది

అల్లుడా,

మొన్న ఫోన్ల చెప్పినవు కదా, రాత్రి మిగిలిన అన్నంతోని ఫ్రైడ్ రైస్ చేస్తే ముద్ద ముద్ద అయితుంది, ప్లేట్ల నూనె మాత్రం తేలుతుంది అని. నల్గొండ గడియారం సెంటర్ దగ్గర అన్నేండ్లు బండి మీద కడాయి తిప్పినోన్ని కాబట్టి చెప్తున్న, నీ తిప్పలు నూనెతోని కాదు, నీళ్లతోని. అన్నంల తడి ఉంటే కడాయికి అతుక్కుంటది, అతుక్కుంటుందని నువ్వు ఇంకో గంటె నూనె పోస్తవు, ఆ నూనె ముద్దల చుట్టూ ఉండిపోతది గని లోపలి మెతుకును విడగొట్టదు.

అందుకే అసలు పని రాత్రే చెయ్యాలె. తిన్నంక మిగిలింది కుక్కర్లనే వదిలేస్తున్నవు కదా, ఆవిరికి తడిసి పొద్దున్నకు పేస్టు అయితది. వెంటనే వెడల్పాటి ప్లేటులో పల్చగ పరిచి ఫ్యాన్ కింద పెట్టు, చల్లారంగనే డబ్బాల ఏసి ఫ్రిజ్ల పెట్టు, గంటకు మించి బయట ఉంచకు. ఫ్రిజ్ల ఉంటే మెతుకు గట్టిపడతది, అదే మనకు కావాల్సింది. రాత్రంతా బయట ఉన్న అన్నం మాత్రం వద్దు, అసలే మన దిక్కు ఎండలు ఎట్లుంటయో తెలుసు కదా, వాసన రాకున్నా వద్దు. గట్టిగ వేయిస్తే ఏం కాదులే అంటరు గని, అన్నంల పెరిగే ఒక రకం బ్యాక్టీరియా వదిలే విషం వేడికి పోదు, వాంతులైతయి.

ఇంకోటి, కొత్త బియ్యం అయితే సన్నబియ్యమైనా జిగురు ఎక్కువ, మెత్తగ ఉడికిపోతే ఫ్రిజ్ కూడా ఏం చెయ్యలేదు. అట్లాంటి అన్నాన్ని పొద్దున్నే పెరుగేసి కలుపుకో, ఫ్రైడ్ రైస్ జోలికి పోకు.

ఇగ పొద్దున. ఒక గ్లాసు బియ్యం అన్నం మిగిలిందనుకో, ఇద్దరికి సరిపోతది. మొత్తం నూనె రెండు పెద్ద స్పూన్లు, అంతే, ముందే చిన్న గిన్నెల కొలిచి పక్కన పెట్టుకో, సీసా పొయ్యి దగ్గర ఉంటే చెయ్యి ఆగదు. అందుల నుంచి ఒక చిన్న స్పూను చల్లటి అన్నం మీద పోసి వేళ్లతోని మెల్లగ విడదియ్యి. పిసకొద్దు, మెతుకు విరిగితే లోపలి జిగురు బయటికొస్తది. చల్లగ ఉన్నప్పుడే విడతది, వేడైనంక గంటెతోని పొడిస్తే పొడిగ కాదు, నూకలైతది.

క్యారెట్, బీన్స్, క్యాబేజీ సన్నగ తరిగి ముందు వేరేగ పెద్ద మంట మీద రెండు నిమిషాలు వేయించి తీసి పెట్టు. అప్పుడే ఉప్పెయ్యకు, ఉప్పు తాకితే క్యాబేజీ నీళ్లు వదులుతది, ఆ నీళ్లన్నీ అన్నంలకే పోతయి. గుడ్డు కూడా అట్లనే ముందే పొడిగ చేసి తీసెయ్యి.

తర్వాత ఇనుప కడాయి పొగ కొద్దిగ లేసేదాక కాల్చు. మిగిలిన నూనెల సగం పొయ్యి, ఎల్లిపాయ ముక్కలెయ్యి, అవి మాడకముందే అన్నంల సగమే ఎయ్యి. సగమే ఎందుకంటే బండి పొయ్యి మంటకూ ఇంటి స్టవ్ మంటకూ పోలికే లేదు, మొత్తం ఒక్కసారే ఏస్తే కడాయి చల్లబడతది, అన్నం వేగదు, ఉడుకుతది. ఏసినంక పరిచి అర నిమిషం కదపకు, తర్వాత అడుగు నుంచి లేపుకుంట తిప్పు. చెవి పెట్టి విను: స్స్ అని ఆవిరి వస్తుంటే ఇంకా తడి ఉన్నట్టు, ఆగు. మెతుకులు చిటపట అనుకుంట ఎగురుతుంటే అయిపోవచ్చినట్టు. అప్పుడు వేయించిన కూరగాయలల్ల, గుడ్డుల సగం కలుపు.

సోయా సాస్ సగానికి అర చిన్న స్పూన్ చాలు, నడుమ పొయ్యకు, కడాయి అంచు మీద చుట్టూ తిప్పు, వేడి లోహానికి తగిలి నీళ్లు ఎగిరిపోతయి, వాసన ఉంటది. సాస్‌లనే ఉప్పుంటది, రుచి చూసి ఉప్పూ మిరియాల పొడీ ఎయ్యి. ఉల్లాకు స్టవ్ ఆపినంక చల్లు. రెండో సగం కూడా ఇట్లనే, మిగిలిన నూనెతోని.

అతుక్కుంటుందనిపిస్తే నూనె పొయ్యకు, మంట పెంచు, లేదంటే కొద్దిగ అన్నం తీసెయ్యి. కొత్త స్టీల్ కడాయి మీద ఇది కష్టమే, అక్క దగ్గర పాత ఇనుపది ఉంటది, మస్తు నల్లబడ్డది, ఈసారి వచ్చినప్పుడు అది తీస్కపో. చేసినంక మిగిలితే మళ్లా ఫ్రిజ్ల పెట్టి మళ్లా వేడి చేసుడు వద్దు, తినేంతనే చేస్కో.

మీ మామ