‘లేకపోతే’నా, ‘కాకపోతే’నా?

సందేహం: “నా కోసం నేను కాకపోతే నా కోసం ఎవరు?” అనే యూదుల సూక్తి వాట్సాప్‌లో వచ్చింది. పిర్కే అవోత్ లోనిదట. మా ఇంట్లో ఒకరు ‘లేకపోతే’ అనాలంటున్నారు. ఏది ఒప్పు?

సమాధానం: రెండిటికంటే ముందు ఆ ‘కోసం’ సంగతి చూడాలి. ఇంగ్లీషులో ఫర్ కనబడితే చాలు, మనవాళ్లు ‘కోసం’ అంటించేస్తారు. “మీ సమయం కోసం ధన్యవాదాలు” అనేదీ ఈ జబ్బే. తెలుగుకు చక్కటి ‘కు’ ఉంది కదా!

హీబ్రూలో ఆ మాట “ఇమ్ ఎయిన్ అనీ లీ, మీ లీ?” అని ఉంటుంది. ‘లీ’ అంటే ‘నాకు’. మనలాగే హీబ్రూకూ ఇంగ్లీషు హావ్ లాంటి క్రియ లేదు. ‘యేష్ లీ’ అంటే నాకు ఉంది, ‘ఎయిన్ లీ’ అంటే నాకు లేదు. కాబట్టి “నాకు నేను లేకపోతే నాకెవరు?” అంటే మూలం దాదాపు మాటకు మాట దిగిపోతుంది. ఇంగ్లీషుకు దొరకని సుఖం ఇది!

చెప్పినవాడు హిల్లెల్, బాబిలోన్ నుంచి యెరూషలేముకు వచ్చిన గురువు. ఈ మాట ఉన్నది మిష్నా అనే యూదుల సంకలన గ్రంథంలో. దాన్ని క్రీ.శ. 200 ప్రాంతంలో యెహూదా హనాసీ కూర్చాడు. అందులో చాలావరకు ధర్మశాస్త్ర చర్చలే. ‘తండ్రులు’ అనే పేరున్న అవోత్ అనే భాగంలో మాత్రం గురువుల పలుకులు. ఈ సూక్తి మొదటి అధ్యాయంలో 14వది.

రెండో ముక్క “నేను నాకే అయితే, నేనేపాటి?” అక్కడ ‘మీ’ (ఎవరు) మారి ‘మా’ (ఏమి) అయింది. దాన్ని “నేనెవరిని?” అని తర్జుమా చేసి వేదాంతంలోకి లాగేవాళ్లున్నారు. హిల్లెల్ అడిగింది ఆత్మవిచారం కాదు, తన ఒక్కడికే బతికేవాడి విలువ ఎంత అని.

మూడో ముక్క “వెఇమ్ లో అఖ్‌షావ్, ఎయ్‌మతాయ్?” ఇక్కడ హిల్లెల్ ‘లేదు’ అనే ‘ఎయిన్’ వదిలి, ‘కాదు’ అనే ‘లో’ వాడాడు. కాబట్టి “ఇప్పుడు కాకపోతే ఎప్పుడు?” అనడం బాగుంది. ‘కాక’ మొదటి ముక్కలోకి ఇక్కణ్ణించే పాకిందని నా అనుమానం.

అలాగని మీరు పంపిన ‘కాకపోతే’ పూర్తిగా తప్పని కొట్టేయలేను. మిష్నా నాటి హీబ్రూలో ‘ఎయిన్’ అప్పుడప్పుడు ‘కాదు’ పనీ చేస్తుంది. “నేను నాకు కాకపోతే” అంటే నాకు నేను అక్కరకు రాకపోతే అనే అర్థం తెలుగులోనూ వస్తుంది. 12వ శతాబ్దపు వ్యాఖ్యాత మైమోనిడీస్ చెప్పిన అర్థం, నన్ను నేనే మంచికి పురికొల్పుకోకపోతే ఇంకెవరు పురికొల్పుతారని. ఆయన పక్షాన నిలబడితే ‘కాకపోతే’కు కొంత బలం ఉంది. నా ఓటు మాత్రం ‘లేకపోతే’కే. ‘కోసం’ మటుకు రెండు చోట్లా తీసేయండి.