ఐగెన్‌ఫేసెస్: ముఖాల కన్నా వెలుతురే ఎక్కువ కనిపిస్తుంటే

ప్రశ్న: విజయనగరంలో బీటెక్ చదువుతున్నాను. క్లాసులో 40 మందిని ఒక్కో ఫొటో తీసి, ముఖం చూసి మనిషిని గుర్తుపట్టే ఐగెన్‌ఫేసెస్ ప్రాజెక్టు చేస్తున్నాం. 100×100 ఫొటోలకి కోవేరియన్స్ వేస్తే ల్యాప్‌టాప్ ఆగిపోతోంది. పైగా కిటికీ పక్కన ఎవరున్నా ఒకరి పేరే చెబుతోంది. ఎందుకండీ?

జవాబు: ఒక్కో ఫొటో 10,000 అంకెల వరుస. ఏ రెండు పిక్సెళ్లు ఎలా కలిసి మారుతున్నాయో చెప్పే కోవేరియన్స్ మాత్రికలో పది కోట్ల గడులు వస్తాయి, ల్యాప్‌టాప్ పాపం ఏం చేస్తుంది! ప్రతి ఫొటోలోంచి సగటు ముఖాన్ని తీసేసి, మిగిలినవాటిని నిలువు వరుసలుగా పేర్చి `A` అనండి. ఆ పెద్ద మాత్రికనిచ్చే `AAᵀ` బదులు `AᵀA` తీసుకుంటే 40×40 మాత్రికే. దాని ఐగెన్‌వెక్టర్ `v` అయితే, `Av` పెద్ద మాత్రికకి ఐగెన్‌వెక్టర్ అవుతుంది. పొడవు 1కి సరిచేస్తే అదే ఐగెన్‌ఫేస్. సగటు తీసేశాం కాబట్టి పనికొచ్చేవి 39కి మించవు. 1991లో పరిశోధకులు టర్క్, పెంట్‌లాండ్ వాడిన కిటుకిదే.

ఇక కిటికీ గొడవ. ఈ పద్ధతికి మనుషులు తెలీదు, పిక్సెళ్లు ఎటు ఎక్కువ మారుతున్నాయన్నదే తెలుసు. పక్కనుంచి ఎండ పడితే ఒకే మనిషి రెండు ఫొటోల మధ్య తేడా, ఇద్దరు మనుషుల మధ్య తేడాని మించిపోవచ్చు. మొదటి ఐగెన్‌ఫేస్‌ని మళ్లీ 100×100 బొమ్మగా చేసి చూడండి. ఒక చెంప తెల్లగా, రెండోది నల్లగా ఉంటే అది పట్టుకున్నది వెలుతురునే.

మొదటి మూడు ఐగెన్‌ఫేస్‌లని వదిలేసి పోల్చడం పాత చిట్కా. కొంత నయమవుతుంది గానీ, వాటితో పాటు ముఖాల అసలు తేడా కూడా కొంత పోతుంది. నన్నడిగితే ముందు అందరినీ ఒకే వెలుతురులో, కళ్లు ఒకే చోట పడేలా మళ్లీ ఫొటోలు తీయండి.