ఆగిన చోటే కిలోమీటర్లు పెరుగుతున్నాయి

ప్రశ్న: డెలివరీ వ్యాన్ల జీపీఎస్ పాయింట్లను హెచ్‌ఎంఎం పద్ధతిలో రోడ్ల మీదికి మ్యాచ్ చేస్తున్నాను. ఓడోమీటర్ కన్నా కిలోమీటర్లు చాలా ఎక్కువ వస్తున్నాయి. సిగ్మా, బీటా మార్చి చూశాను, కుదరలేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు వ్యాన్ ఆగిన చోట్లు చూడండి. నాకూ ఇదే జరిగింది. ఒక వ్యాన్ ఓడోమీటర్‌లో 62 కి.మీ. ఉంటే మ్యాచింగ్‌లో 81 వచ్చింది. రెండు రోజులు బీటాతోనే కుస్తీ పట్టాను. చివరికి మ్యాప్ మీద గీసి చూస్తే, డివైడర్ ఉన్న రోడ్డులో వ్యాన్ ఆగిన 8 చోట్లా గీత ముందున్న యూటర్న్ దాకా వెళ్లి, అవతలి వైపుకి వచ్చి, మళ్లీ ఇవతలికి తిరిగొచ్చింది. ఆగిన ప్రతిసారీ 2.4 కి.మీ. అదనం.

కారణం లెక్కలోనే ఉంది. పెద్ద భవనం పక్కన ఆగితే సిగ్నల్ గోడలకు తగిలి వస్తుంది కాబట్టి పాయింట్లన్నీ ఒకే వైపుకి జరుగుతాయి. మా దాంట్లో అవి అసలు రోడ్డుకి 12 మీటర్లు, అవతలి రోడ్డుకి 6 మీటర్ల దూరంలో పడ్డాయి. సిగ్మా 4, బీటా 30 పెట్టుకున్నాం.

```
అసలు రోడ్డు:   0.5 * (12/4)^2 = 4.5
అవతలి రోడ్డు:  0.5 * (6/4)^2  = 1.125
తేడా, ఒక్కో పాయింట్‌కి:       3.375
చుట్టు తిరిగే పెనాల్టీ: 2400/30 = 80
```

ఒక్క పాయింటే ఉంటే 3.375 కోసం 80 పెనాల్టీని మోడల్ ఒప్పుకోదు. కానీ 10 సెకన్లకొకటి చొప్పున 12 నిమిషాల్లో 72 పాయింట్లు వస్తాయి. 72 × 3.375 = 243. ఆ 72 పాయింట్లలో ఉన్నది నిజానికి ఒకే తప్పు. మోడల్ మాత్రం వాటిని 72 వేర్వేరు సాక్ష్యాలుగా లెక్కేస్తుంది. సిగ్మా పెంచితే ఇక్కడ తగ్గొచ్చు గానీ, గంటసేపు ఆగిన చోట మళ్లీ అదే కథ.

అందుకే మ్యాచింగ్‌కి ముందే ఆగిన పాయింట్లను ఒక్కటిగా కలిపేయండి. నేను పెట్టుకున్న నియమం ఇది: వేగం సెకనుకి 1 మీటర్ కన్నా తక్కువగా ఉండి, 60 సెకన్లకు పైగా 30 మీటర్ల లోపలే ఉంటే అది ఆగినట్టే. వాటి మీడియన్ పాయింట్‌ని ఉంచి, వచ్చిన సమయం, బయల్దేరిన సమయం విడిగా రాసుకోండి. వేగాన్ని పాయింట్ల మధ్య దూరం నుంచి లెక్కకట్టొద్దు, రిసీవర్ ఇచ్చే వేగమే వాడండి. అది డాప్లర్ నుంచి వస్తుంది కాబట్టి పాయింట్ అటూ ఇటూ గెంతినా పెద్దగా చెదరదు. 2009లో న్యూసన్, క్రమ్ తమ పేపర్‌లో ముందు పాయింట్‌కి 2 సిగ్మాల లోపు ఉన్నవాటిని తీసేశారు. సిగ్మా 4 అయితే అది 8 మీటర్లే. ఆగిన చోట పాయింట్లు 15 మీటర్లు గెంతుతుంటే అది చాలదు.

ఓఎస్‌ఆర్‌ఎమ్ వాడుతుంటే ఇంకో చిక్కుంది. పాయింట్లు కలిపాక మధ్యలో 12 నిమిషాల ఖాళీ వస్తుంది, డిఫాల్ట్‌గా అది ట్రేస్‌ని అక్కడ ముక్కలు చేయొచ్చు. దాన్ని ఆపడానికి, కలిపిన పాయింట్‌కి రేడియస్ పెంచడానికి ఇలా ఇవ్వండి (ముందు లాంగిట్యూడ్):

```
/match/v1/driving/lon,lat;lon,lat;lon,lat?timestamps=...&radiuses=5;20;5&gaps=ignore
```

సరిపోయిందో లేదో వేగంతో చూడండి. వరుస పాయింట్ల మధ్య మ్యాచ్ అయిన దూరాన్ని సమయంతో భాగించండి. 10 సెకన్లలో 1200 మీటర్లంటే గంటకి 432 కి.మీ., ఏ వ్యాన్ వల్లా కాదు. కలిపిన పాయింట్ దగ్గర మాత్రం వచ్చిన, బయల్దేరిన సమయాలతో లెక్కకట్టండి, లేకపోతే ఆ 12 నిమిషాల్లో తప్పు దాక్కుంటుంది.

పక్కపక్కనే సర్వీస్ రోడ్డు ఉండి, మాటిమాటికీ అటూ ఇటూ మారే దారులుంటే ఈ పద్ధతి పనిచేయదు. అక్కడ చుట్టు తిరిగే పెనాల్టీయే ఉండదు. అలాంటి చోట ఆ రెండింటినీ ఒకే కారిడార్‌గా లెక్కించాను. కిలోమీటర్లకి తేడా రాలేదు.