న్యాయ సలహా: షష్టిపూర్తి కానుకకు బదులు కీచైన్ వచ్చింది, కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మా అక్కాబావల షష్టిపూర్తికి ఫోన్‌లో ప్రకటన చూసి ఒక ఆన్‌లైన్ గిఫ్ట్ షాపులో ఇత్తడి దీపపు కుందుల జత, పట్టుచీర ఆర్డర్ చేశాను. విశాఖలో అక్క ఇంటికే పంపమన్నాను. యూపీఐలో రూ.6,499 కట్టాను. తర్వాత వాట్సాప్‌లో ‘డెలివరీ అయ్యాక తిరిగిచ్చే డిపాజిట్’ అంటే ఇంకో రూ.1,500 పంపాను. ముందే చెబితే సరదా పోతుందని అక్కకు చెప్పలేదు. మూడు వారాలాగి అడిగితే ఏదో చిన్న కవర్లో ప్లాస్టిక్ కీచైన్ వచ్చిందని, ఎవరిదో పొరపాటున వచ్చిందనుకుని కవరు పారేశామని చెప్పింది. బావగారి ముందు తలెత్తుకోలేకపోతున్నాను, నిద్ర పట్టడం లేదు. షాపువాళ్లు ‘డెలివర్డ్’ అని చూపిస్తున్నారు. స్టేషన్లో ఇది సివిల్ గొడవ అన్నారు. ఆ డబ్బు నేను పంపలేదని బ్యాంకులో రాసిస్తే తిరిగొస్తుందని మా అల్లుడు అంటున్నాడు. రాసివ్వమంటారా? (ఒక పాఠకురాలు, కరీంనగర్)

జవాబు: రాసివ్వొద్దు. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు స్టేషన్లో అన్న మాట సంగతి తేల్చుకోవాలి, మీ కేసు నిలబడేదైనా పడిపోయేదైనా అక్కడే.

సరుకు నాసిరకం, ఆలస్యంగా వచ్చింది, ఒకటి అడిగితే ఇంకొకటి పంపారు అనేవి వినియోగదారుల కమిషన్‌లో తేలాల్సిన తగాదాలు. వాటికి పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టరు. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం అనిపించుకోవాలంటే, డబ్బు తీసుకున్న నాటికే సరుకు ఇచ్చే ఉద్దేశం అవతలివాడికి లేదని కనబడాలి. తర్వాత మాట తప్పినంత మాత్రాన మోసం కాదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. అందుకే ‘వస్తువు రాలేదు’ అని మీరు రాసిచ్చిన అర్జీని చూసి ఎస్ఐ గారు సివిల్ అన్నారు. మీ నిద్ర గురించి, బావగారి ముందు మీ పరువు గురించి అందులో ఒక పేజీ రాశారు. మొదటి రోజే వాళ్ల ఉద్దేశం ఏమిటో చూపే వాక్యం మాత్రం ఒక్కటీ లేదు.

అది చూపే సరుకు మీ దగ్గరే ఉంది, నాకు పంపిన స్క్రీన్‌షాట్లలో. వెబ్‌సైట్ అడుగున జైపూర్ చిరునామా, దాని పక్కన ఒక జీఎస్టీ నంబరు ఉన్నాయి. పదిహేను అక్షరాల ఆ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రానివి. రాజస్థాన్‌కు 08, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. వీళ్లది 36తో మొదలైంది. ఒకే వ్యాపారికి రెండు మూడు రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్లు ఉండొచ్చు కాబట్టి అంతమాత్రాన దొంగ అనలేం. gst.gov.inలో Search Taxpayer అనే చోట, లాగిన్ కూడా అక్కర్లేదు, ఆ నంబరు కొట్టాను. ఒక హార్డ్‌వేర్ దుకాణం పేరు వచ్చింది. పాపం ఆయనకు ఈ సంగతే తెలిసి ఉండదు. నంబరు నిజమైనదే, వీళ్లది కాదు, అంతే. నంబరు ఉందా లేదా అని చూసి ఊరుకునేవాళ్లు మోసపోయేది సరిగ్గా ఇక్కడే. అది ఎవరి పేరు మీద ఉందో చూడాలి.

ఇక యూపీఐ రసీదు చూడండి. షాపు పేరు ఒకటి, డబ్బు చేరింది ఒక వ్యక్తి సొంత ఖాతాకు. ఇప్పుడు యూపీఐలో డబ్బు పంపే ముందు బ్యాంకులో నమోదైన పేరు తెర మీద కనబడుతుంది. మీకూ కనబడింది, మీరు చూడకుండా పిన్ కొట్టారు. రూ.1,500 డిపాజిట్ వెళ్లింది ఇంకో వ్యక్తికి, ఇంకో బ్యాంకులో. అసలైన దుకాణం డెలివరీ కోసం డిపాజిట్ అడగదు. అడిగినా తన సైట్లోనే తీసుకుంటుంది, వాట్సాప్‌లో పంపిన క్యూఆర్ కోడ్‌కు కాదు. మొదటి చెల్లింపు పొరపాటనుకుందాం. రెండోది అజాగ్రత్త.

lookup.icann.orgలో ఆ వెబ్‌సైట్ పేరు కొట్టి చూస్తే, అది రిజిస్టరైంది మీరు ఆర్డర్ పెట్టడానికి ఐదు వారాల ముందు. సైటు పైన మాత్రం ‘1998 నుంచి మీ నమ్మకం’ అని రాసి ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సైట్‌లో వ్యాపార సంస్థ చట్టబద్ధమైన పేరు, ప్రధాన కార్యాలయం చిరునామా, ఫిర్యాదుల అధికారి పేరు, ఫోను ఉండాలి. వీళ్ల సైట్‌లో ఆ జైపూర్ చిరునామా, ఎవరిదో జీఎస్టీ నంబరు, ఒక వాట్సాప్ నంబరు తప్ప ఏమీ లేదు. కొనేముందు చూసి ఉంటే ఇవన్నీ మిమ్మల్ని ఆపేవి. ఇప్పుడు ఇవే మీ సాక్ష్యం. అర్జీలో ఇవే రాయండి.

అయితే వాళ్లకూ ఒక జవాబు ఉంది. విశాఖ చిరునామాకు పార్సిల్ వెళ్లింది, సంతకం పడింది, ‘డెలివర్డ్’. ఆ కీచైన్ పంపింది అందుకే. చట్టం తెలిసినవాడే చేసే పని ఇది. దీన్ని పడగొట్టేది పార్సిల్ మీది చీటీ. దాని మీద బరువు ముద్రిస్తారు. మీ ట్రాకింగ్ పేజీ స్క్రీన్‌షాట్‌లోనూ ఉంది, 0.120 కేజీ. ఇత్తడి కుందుల జత, పట్టుచీర కలిపి నూట ఇరవై గ్రాములు ఉంటాయని ఏ కోర్టులోనూ వాదించలేరు. కవరు పారేసి మీ అక్కగారు మంచి సాక్ష్యం పోగొట్టారు. చెప్పకుండా దాచి, మూడు వారాలు అడగకుండా ఆమెతో పారేయించింది మీరే. కానుక సంగతి చెప్పకపోయినా ‘ఒక పార్సిల్ వస్తుంది, విప్పేటప్పుడు వీడియో తియ్యండి, కవరు దాచండి’ అంటే సరదా ఏమీ తగ్గిపోదు.

ఇంకా ఆలస్యం చేయకుండా ట్రాకింగ్ నంబరు వేసి కొరియర్ కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. బుక్ చేసిన ఖాతా ఎవరిది, ఎక్కడ బుక్ అయింది, బరువెంత అన్న రికార్డు భద్రపరచమని అడగండి. వివరాలు మీకు ఇవ్వకపోవచ్చు, పోలీసులకు ఇవ్వక తప్పదు. వాళ్లు అడిగేదాకా చెరిగిపోకుండా ఉండాలనే ఈ ఈమెయిల్. ఆ కీచైన్ ఇంకా ఉంటే అక్కగారిని దాచమనండి. ఏ రోజు ఎవరు తీసుకున్నారో, అందులో ఏముందో ఆమె చేతే రాయించి సంతకం చేయించండి. అందుకున్న సాక్షి ఆమె, మీరు కాదు.

మీ ఫోను రీసెట్ చేయొద్దు, ఎవరికీ ఇచ్చేయొద్దు. వాట్సాప్‌లో మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయే ఏర్పాటు ఉంటే తీసేయండి, ఆ చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి ఉంచండి. కోర్టుకు వెళ్లేటప్పుడు వీటికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఒక భాగం ఫోను యజమానిగా మీరు, రెండోది నిపుణుడు సంతకం చేస్తారు. స్క్రీన్‌షాట్లు ప్రింటు తీసి ఫైల్లో పెట్టి, ఫోను మార్చేసి వచ్చేవాళ్లను రోజూ చూస్తున్నాను.

ఇప్పుడు అల్లుడుగారి సలహా. మూడు పనిదినాల్లో చెబితే ఖాతాదారుకు నష్టం లేదన్న రిజర్వు బ్యాంకు సర్క్యులర్ (జూలై 2017) ఆయన ఎక్కడో విని ఉంటారు. అది మీకు తెలియకుండా మీ ఖాతాలోంచి పోయిన డబ్బుకు. ఇక్కడ ఫోను మీది, సిమ్ మీది, పిన్ కొట్టిన వేలు మీది, ఇదంతా బ్యాంకు రికార్డులో ఉంటుంది. పైగా ‘డిపాజిట్ పంపాను, చూసుకోండి’ అని మీరే వాట్సాప్‌లో పెట్టారు. రేపు ముద్దాయి తరఫు వకీలు ఆ మెసేజ్‌ను, బ్యాంకుకు మీరిచ్చిన కాగితాన్ని పక్కపక్కన పెట్టి ‘ఈమె ఏది నిజం చెబుతోంది?’ అని ఒక్క ప్రశ్న వేస్తాడు. మీ కేసులో ప్రధాన సాక్షి మీరు. ఎనిమిది వేల కోసం మీ సాక్షిని మీరే చంపుకోకండి. బ్యాంకుకు నిజమే రాయండి: నేనే కట్టాను, మోసంతో కట్టించారు, ఫలానా తేదీ, రసీదులో ఉన్న ఫలానా యూటీఆర్ నంబరు, అవతలి బ్యాంకుకు తెలియజేయండి. ‘డబ్బు తిరిగి తెప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి’ అని ఎవరైనా ఫోన్ చేస్తే వాళ్లూ ఆ ముఠాయే అనుకోండి.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి, cybercrime.gov.inలో రెండు చెల్లింపులనూ విడివిడిగా నమోదు చేయండి. మొదటి గంటల్లో చేసి ఉంటే ఆ ఖాతాలోనే డబ్బు ఆపే అవకాశం ఎక్కువ. మూడు వారాల తర్వాత ఖాతా ఖాళీ అయి ఉండొచ్చు, అయినా చేయాలి. అదే ఖాతా మీద ఇంకెవరైనా ముందే ఫిర్యాదు చేసి ఉంటే కొంత సొమ్ము ఆగి ఉండొచ్చు. ఆగిన సొమ్ము బాధితులకు రావడానికి మేజిస్ట్రేటు ఉత్తర్వు అవసరం కావొచ్చు. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా కూడా ఇప్పిస్తున్నారు. కాబట్టి అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు జాగ్రత్త.

ఆ నంబరు రాగానే ఎఫ్ఐఆర్ అయిపోయిందనుకోకండి. కొత్త అర్జీతో స్టేషన్‌కు వెళ్లి 318(4), ఐటీ చట్టం 66డి కింద నమోదు చేయమని అడగండి. కాదంటే పోలీస్ కమిషనర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, ఆ తర్వాత మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు. 318(4)కు ఏడేళ్ల దాకా శిక్ష ఉంది కాబట్టి కాలపరిమితి అడ్డురాదు. 66డి ఒక్కటే అయితే మూడేళ్లే గడువు.

వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ల గడువు ఉంది. కరీంనగర్‌లోనే వేసుకోవచ్చు, ఈ మొత్తానికి ఫీజు కూడా లేదు. డబ్బు కట్టింది మీరు కాబట్టి కానుక అక్కగారిదైనా వినియోగదారు మీరే. కానీ ఎవరి మీద వేస్తారు? పేరు, చిరునామా లేనివాడికి నోటీసు వెళ్లదు. పోలీసులు ఖాతాదారు వివరాలు తేల్చాకే దాని గురించి ఆలోచించండి, ఈలోగా రెండేళ్ల లెక్క మరచిపోకండి.

వేరొకరికి పంపే కానుకలో ఒక చిక్కుంది. క్యాష్ ఆన్ డెలివరీ పెడితే అందుకున్నవాళ్లు డబ్బు కట్టాలి, అది మర్యాద కాదు. అందుకే అందరూ ముందే కట్టేస్తారు, దొంగ షాపులకు కావలసిందీ అదే. తెలియని షాపైతే క్యాష్ ఆన్ డెలివరీ మీ ఇంటికి పెట్టుకుని, విప్పి చూసి, మీరే విశాఖకు పంపండి. టైము లేకపోతే క్రెడిట్ కార్డుతో, షాపు పేరు మీదే ఉన్న పేమెంట్ పేజీలో కట్టండి. సరుకు రాకపోతే కార్డిచ్చిన బ్యాంకులో చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన సొమ్ము వెనక్కి, అడగొచ్చు. దానికీ గడువుంటుంది కాబట్టి డెలివరీ తేదీ దాటిన వారంలోనే అడగాలి. వ్యక్తి ఖాతాకు యూపీఐలో వేసిన డబ్బుకు ఆ దారి లేదు.