సార్‌కి రాసిన థాంక్స్ మెయిల్ రెండు పేజీలొచ్చింది, ఏం తీసెయ్యాలి?

మేడమ్ నమస్తే. విజయవాడలో స్కూల్ గైడ్లు వేసే చోట డీటీపీ చేస్తా. సరిగ్గా సీజన్‌లో మా నాన్న బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది, 17 రోజులు సెలవు పెట్టా. నా పేజీలు మా మేనేజర్ సారే రాత్రిళ్ళు కూర్చుని చేశారంట, 20 వేలు అడ్వాన్స్ కూడా ఇప్పించారు. థాంక్స్ చెప్తూ మెయిల్ రాస్తే రెండు పేజీలొచ్చింది, మా ఆవిడ చదివి ఇది థాంక్సా కోర్టులో వాంగ్మూలమా అంది. కోసేస్తే ఎండిపోయిన మామిడాకు తోరణంలా ఉంది. మూడు వాక్యాల్లో మనసులో ఉన్నది చెప్పడం కుదురుతుందా? రెండు మెయిళ్ళూ దీంతో పాటు పంపా, చూడండి.

*

కుదురుతుందండీ. ముందు మీ ఆవిడని ఏమీ అనకండి, నాకూ చదువుతుంటే అదే అనిపించింది, కాకపోతే నేను అంత బాగా చెప్పలేకపోయేదాన్ని.

మీ పెద్ద మెయిల్ ప్రింట్ తీసుకుని పెన్ను పెట్టుకుని కూర్చున్నా. మొత్తం 41 వాక్యాలు. అందులో నాన్నగారు పడిపోయిన రోజు, అంబులెన్సు, ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ, ఇవి 12. సెలవు ఎందుకు పెట్టాల్సొచ్చిందో, ముందు ఎందుకు చెప్పలేకపోయారో సంజాయిషీ 9. సార్ దేవుడు, సార్ లాంటోళ్ళు లక్షకొకరు అని పొగడ్త 8. ఇకనుంచి ఆదివారాలు కూడా వస్తా, రాత్రులు కూర్చుంటా అని మాటివ్వడం 6. చివర్లో నాన్నగారి చెకప్‌కి ఇంకో రోజు సెలవు కావాలని, అడ్వాన్స్ ఈ నెల కాకుండా వచ్చే నెల నుంచి కట్ చేసుకోమని 2. ఇవన్నీ పోగా సార్ చేసిన పనికి థాంక్స్ చెప్పిన వాక్యాలు ఎన్ని మిగిలాయో తెలుసా, 4. అంటే మీరు థాంక్స్ ఎక్కువ చెప్పలేదు, నిజానికి తక్కువే చెప్పారు, దాని చుట్టూ వేరేవాళ్ళకి చెప్పాల్సినవన్నీ వచ్చి చేరాయి.

ఆ 12 వాక్యాల దగ్గర నేను కాసేపు ఆగిపోయానండీ. "ఆ రోజు పొద్దున నాన్న రెండుసార్లు ఫోన్ చేస్తే పేజీ సెట్ చేస్తున్నానని ఎత్తలేదు సార్" అని రాశారు చూడండి, అది మీ సార్‌కి సంబంధించిన మాట కాదు. ఆయన అది చదివి ఏమనాలి? పాపం అనాలా, ఆఫీసు పని వల్లే ఇలా అయిందా అని ఆయన కూడా బాధపడాలా? ఆ మాట నాన్నగారి మంచం పక్కన కూర్చుని చెప్పుకోవాల్సింది, ఆయనకి చెప్పలేకపోతున్నారు కాబట్టి మెయిల్‌లోకి వచ్చి పడింది. అది కోసెయ్యకండి, అక్కణ్ణుంచి తీసి జేబులో పెట్టుకోండి, ఈ ఆదివారం నాన్నగారికి భోజనం పెట్టేటప్పుడు ఒక్క ముక్కగా చెప్పెయ్యండి. అది చెప్పేసిన తర్వాత మెయిల్ మళ్ళీ తెరిస్తే ఆ 12 వాక్యాలు తీసెయ్యడానికి చెయ్యి వణకదు.

సంజాయిషీ 9 కూడా అంతే. సెలవు ఆయనే ఇచ్చారు, ఎందుకో ఆయనకి తెలుసు, మళ్ళీ చెప్తుంటే మీరేదో తప్పు చేసినట్టూ ఆయన క్షమించినట్టూ ఉంటుంది. మాటివ్వడాలు మరీ ప్రమాదం, ఆదివారాలు వస్తానని రాసిస్తే వచ్చే సీజన్‌లో ఎవరో ఒకరు అది గుర్తు చేస్తారు, మీ సార్ కాకపోయినా.

ఇక ఆ చెకప్ సెలవు, అడ్వాన్స్ సంగతి. థాంక్స్ చెప్పిన మెయిల్‌లోనే ఏదైనా అడిగామనుకోండి, పైన రాసిందంతా దానికి పూలదండ అయిపోతుంది. నాకే జరిగింది ఇది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సీనియర్ మేడమ్ నాకు చాలా సాయం చేస్తే నాలుగు పేజీల ఉత్తరం రాసిచ్చా, చివర్లో ఏదో చిన్న ట్రాన్స్‌ఫర్ ముక్క కూడా పెట్టా, ఆవిడ అంతా ఓపిగ్గా చదివి కళ్ళజోడు తీసి "ఇంతకీ నీకేం కావాలమ్మా" అంది. ఆ రోజు పడ్డ సిగ్గు ఇంకా పోలేదు. కాబట్టి ఆ రెండూ వేరుగా, నాలుగైదు రోజుల తర్వాత మాటల్లో అడగండి. ఇంకో సంగతి, అడ్వాన్స్ ఊసు అసలు మెయిల్‌లోనే వద్దు. ఆఫీసు మెయిల్ ఎవరు చూస్తారో తెలీదు, ఆయన మీ ఒక్కరి కోసం అకౌంట్స్ వాళ్ళతో మాట్లాడి ఇప్పించి ఉంటే అది నలుగురికీ తెలియడం ఆయనకి ఇబ్బంది, దానికి థాంక్స్ నోటితోనే చెప్పండి, ఎవరూ లేనప్పుడు.

ఇప్పుడు మీరు కోసి చేసిన చిన్న మెయిల్ చూద్దాం. "ఆపద సమయంలో మీరు అందించిన సహకారానికి హృదయపూర్వక ధన్యవాదాలు. మీ మేలు ఎన్నటికీ మరువలేను. భవిష్యత్తులో మరింత అంకితభావంతో పనిచేస్తానని మనవి." ఇది మూడు వాక్యాలే, తప్పుల్లేవు, కానీ ఇందులో ఆపద ఏంటి, సహకారం ఏంటి? ఇదే మెయిల్ ఆర్టీసీ డిపో మేనేజర్‌కి పంపినా సరిపోతుంది, కార్పొరేటర్‌కి ఫ్లెక్సీ మీద వేయించినా సరిపోతుంది. ఎండిపోయిన తోరణం అన్నారు చూడండి, ఎండింది చిన్నదవ్వడం వల్ల కాదు. మీరు కోసేటప్పుడు గణితం పేజీలు, వాకరు, రాత్రిళ్ళు లాంటి ముక్కలన్నీ పారేసి, సహకారం, మేలు, అంకితభావం మిగుల్చుకున్నారు. తిరగెయ్యాలి. ఎవరికైనా పంపగలిగే మాటలు పోవాలి, ఆయనకి తప్ప ఇంకెవరికీ పంపలేని మాటలు ఉండాలి.

ఇంకో తిరకాసు కూడా ఉందండీ. మనం ఇంట్లో థాంక్స్ చెప్పుకోం కదా, అమ్మ అన్నం పెడితే ధన్యవాదాలమ్మా అంటే జ్వరం వచ్చిందేమో అని నుదురు పట్టి చూస్తుంది. అందుకని రాయాల్సొచ్చేసరికి చేతికి సన్మాన సభ భాషే దొరుకుతుంది. మీరు సార్‌తో టీ దగ్గర ఎలా మాట్లాడతారో అలాగే రాయండి.

మరి మూడు వాక్యాల్లో ఏముండాలి? మొదటి దాంట్లో ఆయన ఏం చేశారో, ఎంత చేశారో, మీరు కళ్ళారా చూసినట్టు. రెండో దాంట్లో దానివల్ల మీకు ఏం వీలయింది. ఇక్కడ బాగుంది, ధైర్యం వచ్చింది లాంటివి కాదు, జరిగిన ఒక్క సంఘటన. మూడోది థాంక్స్, అంతే, చిన్నగా. మీ రెండు పేజీల మెయిల్‌లో ఈ సామాను అంతా ఉంది, ఎక్కడో లోపల దాక్కుంది. 26వ వాక్యంలో 140 పేజీల లెక్క ఉంది, 33లో నాన్నగారు వాకర్ పట్టుకుని నడిచిన ముక్క ఉంది, నాకు తెలిసి మొత్తం మెయిల్‌లో ఇవి రెండే చాలు. నేను వాటిని ఇలా పేర్చా:

"సార్, నేను లేని రోజుల్లో పదో తరగతి లెక్కల గైడు 140 పేజీలు మీరే రాత్రిళ్ళు కూర్చుని కరెక్షన్లు పెట్టి ప్రెస్సుకి పంపారని వచ్చాకే తెలిసింది. ఆఫీసు నుంచి ఒక్క ఫోన్ కూడా రాకపోబట్టి 17 రోజులూ నాన్న పక్కనే ఉన్నా, వాకర్ పట్టుకుని ఆయన మొదటి నాలుగు అడుగులు వేసింది నా కళ్ళముందే. చాలా థాంక్స్ సార్, నాన్న కూడా మీకు చెప్పమన్నారు."

అయిపోయింది. ఇందులో దేవుడు లేడు, రుణం లేదు, మాటలు రావట్లేదు అన్న మాట కూడా లేదు. అయినా 140 పేజీల లెక్కల గైడు కరెక్షన్ అంటే ఏంటో ఆయనకి తెలుసు, భిన్నాల గీత జారిపోతే, వర్గమూలం గుర్తు పక్క అంకె మీదకి ఎక్కితే ఎంత చిరాకో మీ ఇద్దరికీ తెలుసు, ఆ సంఖ్య చూడగానే "వీడు గమనించాడు" అనుకుంటారు. పొగడ్త 8 వాక్యాలు చెయ్యలేని పని ఆ ఒక్క అంకె చేస్తుంది.

కాకపోతే దీన్ని కాపీ చేసి పంపకండి, రెండు చోట్ల చూసుకోవాలి. నాన్నగారు నిజంగా చెప్పమన్నారా? మీ మెయిల్‌లో "నాన్న మిమ్మల్ని అడిగారు సార్" అని ఉంది కాబట్టి నేను అలా రాశా, ఈ రాత్రి ఆయన్ని అడగండి, చెప్పమంటేనే ఉంచండి, లేకపోతే "చాలా థాంక్స్ సార్" దగ్గర ఆపెయ్యండి, బాగానే ఉంటుంది. రెండోది, ఆ పేజీలన్నీ సార్ ఒక్కరే చేశారా, పక్క సీటు కుర్రాడు కూడా సాయం కూర్చున్నాడా కనుక్కోండి. అతనూ చేసి ఉంటే "మీరే" తీసేసి "మీరు దగ్గరుండి" అని పెట్టండి, అతనికి వేరుగా ఓ టీ ఇప్పించండి, లేకపోతే అనవసరంగా ఒకరి మనసు కష్టపెట్టినవాళ్ళవుతారు.

పంపే ముందు మీ ఆవిడకి పైకి చదివి వినిపించండి, చూసి కాదు, మామూలుగా మాట్లాడినట్టు. ఎక్కడ మీ గొంతు మారి రేడియో వార్తల్లా వస్తుందో అక్కడ మాట మార్చండి. ఆవిడ మధ్యలో "అంటే?" అని అడిగిన చోట ఇంకా విడమర్చాలి, ఆవిడ నవ్వితే ఏం తీసెయ్యాలో మీకే తెలుస్తుంది, ఆవిడ దానికి సరైన మనిషే అని వాంగ్మూలం అన్నప్పుడే అర్థమైంది. సబ్జెక్ట్‌లో "కృతజ్ఞతాభివందనములు" వద్దు, "లెక్కల గైడు పేజీలు - థాంక్స్ సార్" చాలు. సీసీలో ఓనర్‌గారిని పెడదామా అని మీకు అనిపించే ఉంటుంది, వద్దు, మేనేజర్ రాత్రిళ్ళు డీటీపీ పని చేశారని పైవాళ్ళకి తెలియడం ఆయనకి మంచిదో కాదో మీకు తెలీదు. ఆలస్యమైందని మొదట్లో సారీ పెట్టకండి, పెడితే మళ్ళీ ఆ 9 వాక్యాలు తోసుకుంటూ వచ్చేస్తాయి. డీటీపీ వాళ్ళు కదా అని ఒక మాట, ఆఫీసులో వాడే "అను" ఫాంట్‌లో టైప్ చేసి మెయిల్‌లో పేస్ట్ చేస్తే ఆయనకి వెళ్ళేది పిచ్చి గీతలు, యూనికోడ్‌లో కొట్టండి, ఫోన్‌లోనైనా సరే.

పంపాక ఆయన "ఓకే, నాన్న ఎలా ఉన్నారు" అనో, ఉత్త బొటనవేలు బొమ్మో పెడతారు, మగవాళ్ళు ఆ సీట్లో కూర్చుంటే చాలామంది అంతే. నాన్న సంగతి అడిగితే అడిగినంతవరకు చెప్పండి, బొటనవేలు వస్తే మాత్రం తిరిగి ఏమీ రాయకండి, ముఖ్యంగా ఆ రెండు పేజీల మెయిల్ డ్రాఫ్ట్స్‌లో ఇంకా ఉంది కదా, దాన్ని ఆ రాత్రే తీసెయ్యండి.