మార్కుల రిజిస్టరు నుంచి ఎంఐఎస్ ఉద్యోగానికి

ప్రశ్న: వరంగల్‌లో ప్రైవేటు స్కూల్లో తొమ్మిదేళ్లు లెక్కల టీచరుగా చేశాను. ఈ మధ్య ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ కోర్సు చేసి ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగాలకు అప్లై చేస్తున్నా ఒక్క కాల్ రావడం లేదు. రెజ్యూమెను ఏళ్ల వరసలో కాకుండా స్కిల్స్ వారీగా రాయమని ఫ్రెండ్స్ అంటున్నారు. అలా రాస్తే టీచరు ఉద్యోగం దాచినట్టు అవ్వదా? నా రెజ్యూమె పంపుతున్నాను.

జవాబు: మీ భయం సబబే అమ్మా. ఉద్యోగాల వివరాలు, తేదీలు పూర్తిగా తీసేసి స్కిల్స్ మాత్రమే రాసిన రెజ్యూమె చూడగానే హెచ్‌ఆర్ వాళ్లకు అనుమానం వస్తుంది. ఈ పని ఎక్కడ చేశారు, ఎప్పుడు చేశారు అన్నది తెలియకపోతే పక్కన పెట్టేస్తారు. అందుకని మీరు రెండూ కలిపి రాయండి. పైన సగం పేజీలో స్కిల్స్ వారీగా చేసిన పనులు, కింద నాలుగైదు లైన్లలో ఉద్యోగాలు తేదీలతో సహా ఉండాలి. అప్పుడు దాచినట్టు కాదు, దేన్ని ముందు చూపించాలో మీరు ఎంచుకున్నట్టు.

ముందు ఎంఐఎస్ ఉద్యోగాల ప్రకటనలు ఓ ఆరు తీసి ప్రింట్ వేసుకోండి. అన్నిటిలో మళ్లీ మళ్లీ కనిపించే మాటల కింద గీత గీయండి. రిపోర్టులు తయారు చేయడం, డేటా సరిచూడడం, వేరే డిపార్ట్‌మెంట్ల నుంచి వివరాలు రాబట్టడం, ఇంచుమించు ఈ మూడే వస్తాయి. అవే మీ శీర్షికలు. ‘కష్టపడే తత్వం’, ‘నాయకత్వ లక్షణాలు’ లాంటివి మీ పాత రెజ్యూమెలో ఐదు ఉన్నాయి, అన్నీ కొట్టేయండి.

ఇక అసలు పని. మీ రెజ్యూమెలో మొదటి లైను ‘8, 9, 10 తరగతులకు గణితం బోధించాను’. రెండో పేజీ అడుగున, హాబీల పైన, ‘ఎగ్జామ్ ఇన్‌చార్జి, ఐదేళ్లు’ అని ఒక్క ముక్క ఉంది. మీకు ఉద్యోగం తెచ్చిపెట్టేది ఆ ముక్కే! ఏడాదికి నాలుగు ఎఫ్ఏలు, రెండు ఎస్ఏలు. ఒక్కో పరీక్షకు ఆరు సెక్షన్ల మార్కులు టీచర్ల దగ్గర వసూలు చేసి, తప్పులు పట్టుకుని, ప్రోగ్రెస్ కార్డులు టైముకు ఇచ్చారంటే అది ఎంఐఎస్ పనే. రెజ్యూమె ఇంగ్లీషులోనే రాస్తారు కానీ అర్థం కోసం తెలుగులో చెబుతాను:

‘రిపోర్టింగ్: ఆరు సెక్షన్లు, 240 మంది విద్యార్థుల మార్కులను ఎక్సెల్‌లో ఒకే షీటులోకి తెచ్చి, ఏడాదికి ఆరుసార్లు సబ్జెక్టు వారీ రిపోర్టు ప్రిన్సిపాల్‌కు ఇచ్చాను. (స్కూలు పేరు, 2019–2024)’

240 నేను వేసుకున్న అంకె, మీది మీరు వేయండి. బ్రాకెట్లో స్కూలు పేరు, ఏళ్లు మాత్రం ప్రతి లైనుకూ ఉండాలి. చదివేవాళ్లకు అనుమానం రాకుండా ఆపేది అదే. డేటా సరిచూడడం కింద మార్కుల తప్పులు ఎలా పట్టుకున్నారో రాయండి. VLOOKUP వాడి ఉంటే ఆ పేరు అలాగే రాయండి, చేత్తో రిజిస్టరుతో పోల్చి ఉంటే అదే రాయండి.

ఎస్‌క్యూఎల్ దగ్గర జాగ్రత్త. అది మీరు కోర్సులో నేర్చుకున్నది, స్కూల్లో వాడలేదు. ‘ప్రాక్టీసు ప్రాజెక్టు’ అని విడిగా పెట్టండి. స్కూలు పనిలో కలిపేస్తే ఇంటర్వ్యూలో ‘మీ స్కూల్లో ఏ డేటాబేస్ వాడేవారు?’ అన్న ఒక్క ప్రశ్నకే దొరికిపోతారు. ఉద్యోగం మానేసిన దగ్గర్నుంచి ఖాళీగా ఉన్న నెలలకు కూడా కింద తేదీల్లో ‘కోర్సు’ అని ఒక లైను రాయండి.

కింద రాసే తేదీలు రిలీవింగ్ లెటర్‌లో ఉన్నవే కావాలి, నెలతో సహా. ఆఫర్ ఇచ్చాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో వాటినే పోల్చి చూస్తారు. ఉద్యోగం చేసినట్టు రుజువుకు పీఎఫ్ రికార్డు పనికొస్తుంది, కానీ కొన్ని ప్రైవేటు స్కూళ్లలో పీఎఫ్ ఉండదు. మీకూ లేకపోతే జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి.

మీ ఫైలులో రెండు కాలమ్‌లు, రంగు బార్లు, ‘ఎక్సెల్ 90 శాతం’ అనే మీటరు ఉన్నాయి. దేనిలో 90 శాతమో నాకూ అర్థం కాలేదు. రెజ్యూమెలను చదివే సాఫ్ట్‌వేర్లు కొన్ని కాలమ్‌లను కలగాపులగం చేస్తాయి. మీ పీడీఎఫ్‌లోని అక్షరాలన్నీ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. వరస చెదిరితే ఒకే కాలమ్‌లోకి మార్చండి. కింది భాగానికి Work Experience అనే మామూలు పేరే ఉంచండి.

జాబ్ సైట్లలో ప్రొఫైల్ ఫారం మాత్రం మిమ్మల్ని ఏళ్ల వరసలోనే నింపమంటుంది, అక్కడ తప్పదు. హోదా దగ్గర ‘గణిత ఉపాధ్యాయురాలు, ఎగ్జామ్ ఇన్‌చార్జి’ అని రెండూ రాయండి. పైన హెడ్‌లైన్‌లో మాత్రం ఎక్సెల్ రిపోర్టింగ్ ముందు, టీచరు తర్వాత. రెండో పేజీ తీసేసి కొత్త ఫైలు పంపండి, చూస్తాను.