నాలుగు పీలూ ఒకే సీసాలో: పొదలకూరు నిమ్మకాయ పచ్చడి లెక్క

ప్రశ్న: "బీకాం మొదటి ఏడాది, నెల్లూరు. మార్కెటింగ్ పేపర్లో 'మార్కెటింగ్ మిక్స్ అంశాలను ఒక చిన్న వస్తువు ఉదాహరణతో వివరించండి' అని పది మార్కులకు అడుగుతున్నారు. ప్రోడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్ అని నాలుగు పీలూ బట్టీ పట్టాను గానీ ఉదాహరణ దగ్గరే ఆగిపోతున్నాను. ఏ వస్తువు తీసుకుని ఎలా రాయాలి?"

నిమ్మకాయ పచ్చడి తీసుకోండి. 250 గ్రాముల సీసా. గైడుల్లో ఉండే కార్లూ సబ్బులూ వదిలేయండి. వాటి తయారీ ఖర్చెంతో, కొట్టువాడికి ఎంత మిగులుతుందో మీకు తెలియదు కాబట్టి ఎంత రాసినా "నాణ్యత బాగుండాలి, ధర అందుబాటులో ఉండాలి" దాటి ముందుకు పోదు. పచ్చడి అలా కాదు. పొదలకూరు నిమ్మ యార్డులో కాయ ధర పొద్దునకొకలా ఎలా మారుతుందో మన జిల్లాలో ఎవరినడిగినా చెప్తారు. సీసా ధర ఏ ప్యాకింగ్ సామాన్ల కొట్లో అడిగినా తెలుస్తుంది. అంకెలు చేతిలో ఉంటే జవాబు దానంతటదే నడుస్తుంది.

ముందు ఒక తప్పు సరిచేసుకోండి. నాలుగు పీల జాబితా ఫిలిప్ కోట్లర్ చేశాడని చాలామంది రాస్తారు. 1960లో ఆ నాలుగింటినీ అలా కూర్చింది జెరోమ్ మెకార్తీ, కోట్లర్ దాన్ని ఊరూరా తెలిసేలా చేశాడు. 'మార్కెటింగ్ మిక్స్' అన్న మాటను వాడుకలోకి తెచ్చింది నీల్ బోర్డెన్. మార్కెటింగ్ నడిపేవాణ్ని రకరకాల దినుసులు కలిపేవాడితో 1948లో జేమ్స్ కల్లిటన్ పోల్చాడు, బోర్డెన్‌కు ఆ మాట తట్టింది అక్కణ్నుంచే. కలపడం అన్నదే ఇక్కడ అసలు విషయం. పచ్చట్లో ఉప్పు తగ్గిస్తే కారం ఒక్కటీ సరిగా ఉండి లాభం లేనట్టే, నాలుగు పీల్లో ఒకటి కదిపితే మిగతా మూడూ కదులుతాయి. మార్కులు పోయేది ఇది చూపించకుండా నాలుగు శీర్షికలు విడివిడిగా రాసినప్పుడే.

ఇక వస్తువు. కిలో నిమ్మకాయలకు 220 గ్రాముల ఉప్పు, 130 గ్రాముల కారం, మెంతిపిండి, ఆవపిండి, పసుపు, 200 గ్రాముల నువ్వుల నూనె వేశామనుకుందాం. గింజలూ దెబ్బతిన్న కాయలూ గిన్నెకంటుకున్నదీ పోను అయిదు సీసాలు వస్తాయి. ఇక్కడ 'నాణ్యత' అని ఒక్క మాట రాసి వదిలేయకండి, ఏది చెడిపోతుందో రాయండి. ఉప్పు తగ్గినా, సీసాలో తడి మిగిలినా, పైన నూనె తేలకపోయినా బూజు పడుతుంది. మూత లోపల పూత లేని రేకుదైతే నిమ్మ పులుపుకీ ఉప్పుకీ తుప్పు పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, నిమ్మకాయ ఆవకాయలాగా మూడో రోజుకే తినడానికి రాదు. తొక్క మెత్తబడి చేదు తగ్గడానికి కనీసం రెండు మూడు వారాలు ఊరాలి. అంటే ఈ రోజు పెట్టిన డబ్బు మూడు వారాల దాకా అమ్మకానికి కూడా రాదు. ఈ వాక్యం వస్తువు కింద రాసినా అది ధర గురించీ మాట్లాడుతోంది, గమనించండి.

లేబుల్ కూడా వస్తువులో భాగమే. తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, తయారైన నెల, ఎమ్మార్పీ, శాకాహారమని తెలిపే ఆకుపచ్చ గుర్తు, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు ఉండాలి. గ్రాముకు ఎంత పడుతుందో కూడా అచ్చు వేయాలి. ఈ చివరిదాన్ని గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

ధర దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఎక్కువమంది బోల్తా కొట్టేది ఇక్కడే. కాయలు 60, ఉప్పు 5, కారం 40, పిండులూ పసుపూ 10, నూనె 55 వేసుకుంటే సరుకు మొత్తం 170 రూపాయలు. అయిదు సీసాలకు పంచితే సీసాకు 34. సీసా, మూత 14. లేబుల్, సీలు 4. కూలి 10. పగిలిపోయేదానికీ రవాణాకూ 3. మొత్తం 65. ఈ అంకెలు ఉదాహరణకే, మీ ఊరి ధరలు వేసుకోండి, పద్ధతి మారదు.

ఇప్పుడు మామూలుగా రాసేదేమిటంటే, 65 మీద 30 శాతం లాభం వేసుకుని దగ్గరగా 85 రూపాయలు ఎమ్మార్పీ పెడతాం అని. కాగితం మీద సీసాకు 20 రూపాయల లాభం కనిపిస్తుంది. ఆ సీసా పట్టుకుని కిరాణా కొట్టుకు వెళ్లండి. కొట్టాయన ఎమ్మార్పీలో 20 శాతం అడుగుతాడు, అంటే 17. సరుకు కొట్లకు వేసే డిస్ట్రిబ్యూటర్‌కు 8 శాతం, అంటే 6.80. దాన్ని కూడా ఎమ్మార్పీ మీదే లెక్కేశాను, తేలికగా ఉంటుందని. 85లోంచి ఈ రెండూ తీసేస్తే మీ చేతికొచ్చేది 61.20. తయారీకే 65 అయింది. ఎన్ని సీసాలు అమ్ముడుపోతే అన్ని 3.80లు నష్టం.

తప్పు ఎక్కడుందంటే, మనం లాభాన్ని ఖర్చు మీద లెక్కేశాం, కొట్టాయన తన వాటాను అమ్మకం ధర మీద లెక్కేస్తాడు. రెంటికీ శాతమనే పేరు గానీ రెండూ ఒకటి కావు. 80 రూపాయల మీద 20 శాతం కలిపితే 96. 80 పోగా 20 శాతం మిగలాలంటే 100. అందుకే లెక్క వెనక నుంచి చేయాలి. సీసాకు 15 మిగలాలంటే మన చేతికి 80 రావాలి. ఎమ్మార్పీలో 28 శాతం బయటికి పోతోంది కాబట్టి మనకు దక్కేది 72 శాతం. 80ని 0.72తో భాగిస్తే 111 వస్తుంది. 110 అని వేస్తే 79.20 చేతికొస్తుంది, 14.20 మిగులుతుంది. ఈ ఒక్క లెక్క మూడు వరుసల్లో వేసి చూపిస్తే చాలు, దిద్దేవారికి మీకు విషయం అర్థమైందని తెలిసిపోతుంది.

85 ఎందుకు 110 అయింది? మనం పచ్చడి మార్చలేదు. అమ్మే దారి మారింది, అంతే. ఇంటి దగ్గరే వీధిలోవాళ్లకు అమ్మితే 85కే 20 రూపాయలు మిగులుతాయి. కొట్లలో పెట్టాలంటే 110 కావాలి. ధరను పంపిణీ, అంటే ప్లేస్, నిర్ణయించింది. ఈ సంబంధాన్ని జవాబులో ఒక వాక్యంగా రాసి కింద గీత గీయండి.

కానీ 110 పెట్టగానే ఇంకో చిక్కు. అదే అరలో పెద్ద కంపెనీ 300 గ్రాముల సీసా 99కి ఉందనుకుందాం. దాని లేబుల్ మీద గ్రాముకు 33 పైసలు, మనదాని మీద 44 పైసలు. కొనేవాళ్లు రెండూ చదవగలరు. అప్పుడు చాలామంది "సైజు తగ్గించి 200 గ్రాములు 89కి పెడదాం" అంటారు. లెక్క వేయండి. సరుకు 27కి దిగుతుంది, సీసా 12కి దిగుతుందనుకుందాం. లేబుల్, కూలి, రవాణా మాత్రం అలాగే 17. మొత్తం 56. చేతికొచ్చేది 64. లాభం 14 నుంచి 8కి పడింది, గ్రాము ధర 44 పైసల నుంచి కిందకి దిగనేలేదు. సీసా చిన్నదైనంత మాత్రాన లేబుల్ అంటించే చేతికి పని తగ్గదు. చిన్న ప్యాక్ చౌక కాదు, చేతిలోంచి ఇచ్చే నోటు చిన్నదిగా కనపడుతుంది, అంతే. గ్రాము ధరలో పెద్ద కంపెనీతో మనం గెలవం. మన సీసా అమ్ముడుపోవాలంటే కారణం వస్తువులోంచి రావాలి: నువ్వుల నూనె, బాగా ఊరిన ముక్క, పొదలకూరు కాయ అని లేబుల్ మీద కనపడే మాట.

పంపిణీ కింద "నెల్లూరులో అమ్ముతాం" అని రాయకండి. అది ఊరి పేరు. పంపిణీ అంటే సరుకు ఏ చేతుల మీదుగా పోతుంది, మధ్యలో ఎవరి దగ్గర ఎన్నాళ్లు ఆగుతుంది, డబ్బు ఎప్పుడు తిరిగొస్తుంది అన్నవి. కొత్త పచ్చడికి కొట్టాయన చెప్పే మాట ఒకటే: "పెట్టిపోండి, అమ్మినాక చూద్దాం." పది కొట్లలో డజను చొప్పున పెడితే 120 సీసాలు, 7,800 రూపాయలు అరల మీద కూర్చుంటాయి. దీనికి ముందు మూడు వారాల ఊరడం ఉంది కదా, నెలరోజుల అరువు కలిపితే మీ డబ్బు సుమారు ఏడు వారాలకు తిరిగొస్తుంది. ఎండ తగిలే అరలో పెడితే పచ్చడి రంగు నల్లబడుతుంది, ఆ సీసాలు వెనక్కొస్తాయి. అదే హైదరాబాద్‌కో బెంగళూరుకో పార్సిల్ వేద్దామంటే గాజు సీసా పనికిరాదు, నూనె కారని మందపాటి పౌచ్ కావాలి. చూడండి, పంపిణీ మార్చాం, వస్తువు మారిపోయింది.

ప్రమోషన్ గురించి ఎక్కువ రాయనక్కర్లేదు, ఒక్క హెచ్చరిక చాలు. "రెండు కొంటే ఒకటి ఉచితం" అని దాదాపు ప్రతి జవాబులోనూ కనిపిస్తుంది. మన అంకెలతో చూస్తే రెండు సీసాలకు చేతికొచ్చేది 158.40, మూడు సీసాల ఖర్చు 195. సెట్టుకు 36.60 నష్టం. అంతకంటే కొట్టు ముందు రుచి చూపించడం మేలు. ఒక సీసాలో తలా 5 గ్రాముల చొప్పున యాభై మందికి పెట్టొచ్చు, ఖర్చు 65. ఆరుగురు కొన్నారనుకుంటే ఒక్కో అమ్మకానికి దాదాపు 11 రూపాయలు పడుతుంది, 14.20 లాభంలో మూడు రూపాయలు మిగులుతాయి. వాళ్లలో ఎవరూ రెండోసారి రాకపోతే ఆ శ్రమ దండగ. అందుకే రుచి చూపించిన రోజు అమ్మకం కాదు, తర్వాతి నెలలో అదే కొట్టు మళ్లీ ఎన్ని సీసాలు అడిగిందో లెక్కపెట్టాలి.

ఏడు పీలు రాయాలా అని ఎలాగూ సందేహమొస్తుంది. మిగతా మూడూ (మనుషులు, ప్రక్రియ, కంటికి కనపడే ఆధారాలు) 1981లో బూమ్స్, బిట్నర్ సేవల కోసం చేర్చినవి. ప్రశ్నలో వస్తువు అని ఉంటే నాలుగుతో ఆగండి. మెస్సో, బ్యూటీ పార్లరో అడిగితే ఏడు రాయండి.

చివర్లో ఒక మార్పు ఇచ్చి నాలుగింటినీ కదిలించి చూపండి. వేసవిలో కాయ కిలో 60 నుంచి 120కి పోయిందనుకోండి. సీసాకు 12 రూపాయలు పెరిగి లాభం 2.20కి పడుతుంది. ధర పెంచితే పక్క సీసాతో తేడా ఇంకా పెరుగుతుంది, కాయ తగ్గిస్తే రుచి పోతుంది. కాయ చౌకగా ఉన్న నెలల్లోనే కొని, ముక్కలు కోసి ఉప్పు పసుపుతో ఊరబెట్టి ఉంచుకుని, ఆర్డరు వచ్చినప్పుడు కారం, పిండులు, నూనె కలిపితే ఈ దెబ్బ తగలదు. కాకపోతే అప్పుడు డబ్బు ఏడు వారాలు కాదు, నెలల తరబడి జాడీల్లో ఉంటుంది. కొట్టాయన అరువు కూడా దానికి తోడైతే నడవదు కాబట్టి, నగదిచ్చే కొట్లను మాత్రమే ఎంచుకుని, వాటికి 20 బదులు 22 శాతం ఇవ్వాల్సి రావచ్చు. ఆ రెండు శాతం, అంటే సీసాకు 2.20, 14.20లోంచే పోతుంది.